టెయిటియోటా కేసు: చెప్పిందంతా నమ్మారు, అయినా వెనక్కి పంపారు

శరణు కేసులు ఎక్కువగా ఓడిపోయేది నమ్మకం దగ్గర. తేదీలు కలవలేదనో, మొదటి ఇంటర్వ్యూలో చెప్పింది రెండోసారి చెప్పలేదనో అధికారి రాస్తాడు, ఫైలు మూతపడుతుంది. అందుకే ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లకు నేను మొదట చదవమనేది టెయిటియోటా కేసు. వాతావరణ మార్పు వల్ల తన దేశం కిరిబాటిలో బతకలేనని న్యూజిలాండ్‌లో శరణు కోరిన మనిషి ఆయన. ఆయన చెప్పింది అక్కడ శరణు అప్పీళ్లు వినే ట్రిబ్యునల్ పూర్తిగా నమ్మింది. సముద్రం ముందుకు వస్తోందంటే కాదనలేదు. బావి నీళ్లు ఉప్పుబారుతున్నాయంటే ఒప్పుకుంది. అయినా 2012 నుంచి 2015 వరకు న్యూజిలాండ్‌లో ఎక్కిన ప్రతి మెట్టు మీదా ఆయన ఓడిపోయాడు. చివరికి ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ దగ్గర కూడా ఓడిపోయాడు. ఆ ఓటమిలోంచే ఒక కొత్త నియమం పుట్టింది.

ఈ కేసులో నేను వకీలుగా లేను. తీర్పులన్నీ బహిరంగంగా ఉన్నాయి. శరణు ఫైళ్లు తయారుచేసేవాడి కళ్లతో వాటిని చదివి రాస్తున్నది ఇది.

మనిషి, ఊరు, నీళ్లు

పసిఫిక్ మహాసముద్రం నడిమధ్య పగడపు దీవుల దేశం కిరిబాటి. రాసేది అలా, పలికేది కిరిబాస్ అని. రాజధాని దక్షిణ తరావా. నడిస్తే నిమిషాల్లో ఒక ఒడ్డు నుంచి రెండో ఒడ్డుకు చేరిపోయేంత సన్నని నేలపట్టీ అది. సముద్రమట్టానికి మూడు మీటర్లు మించి ఎత్తున్న చోటు దొరకడం కష్టం. 1947లో అక్కడ 1,641 మంది ఉండేవారు. 2010 నాటికి దాదాపు 50,000 మంది అయ్యారు. బయటి దీవుల్లో బతుకు కష్టమై జనం అక్కడికే చేరారు.

అలా చేరినవాళ్లలో అయోనే టెయిటియోటా ఒకడు. తరావాకు ఉత్తరంగా, పడవలో రోజుల తరబడి ప్రయాణించాల్సిన ఒక చిన్న దీవిలో పుట్టాడు. పని కోసం తరావా వచ్చాడు. 2002లో పెళ్లి చేసుకుని భార్య తరఫువాళ్ల ఇంట్లోనే కాపురం పెట్టాడు. 2007లో భార్యాభర్తలు న్యూజిలాండ్ వెళ్లారు. ముగ్గురు పిల్లలూ అక్కడే పుట్టారు. అయితే 2006 నుంచి న్యూజిలాండ్‌లో పుట్టినంత మాత్రాన పౌరసత్వం రాదు, తల్లిదండ్రుల్లో ఒకరికైనా అక్కడి పౌరసత్వమో శాశ్వత నివాసమో ఉండాలి. 2010లో వీసా గడువు తీరిపోయినా వాళ్లు ఉండిపోయారు. పంపించేస్తారన్న స్థితి వచ్చాక, 2012లో శరణు దరఖాస్తు పెట్టాడు.

ఆయన చెప్పిన కష్టం అర్థం కావాలంటే పగడపు దీవిలో మంచినీళ్లు ఎక్కడ ఉంటాయో తెలియాలి. అక్కడ నదులు, చెరువులు ఉండవు. వాన నీళ్లు ఇసుకలోంచి కిందికి ఇంకి, అడుగున ఉన్న ఉప్పునీటి మీద తేలుతూ ఒక పొరగా నిలుస్తాయి. మంచినీరు ఉప్పునీటికన్నా తేలిక కాబట్టి అది పైనే ఉంటుంది. మధ్యలో మందంగా, ఒడ్డుల వైపు పలచగా ఉండే ఆ పొరే ఊరికి దాహం తీర్చేది. బబాయి అనే ఒక రకం చేమదుంపను ఆ పొర దాకా గోతులు తవ్వి పండిస్తారు. జనం పెరిగి ఎక్కువ తోడితే పొర కింది నుంచి పలచబడుతుంది. పెద్ద పోటు రోజుల్లో అలలు గోడలు దాటి వస్తే ఉప్పు పైనుంచి దిగుతుంది. జనం పక్కనే మరుగుదొడ్లు పెట్టుకుంటే మురుగు కూడా అందులోకే చేరుతుంది. అంటే ఒకే బావి పాడవడానికి మూడు కారణాలు ఉంటాయి, అందులో వాతావరణ మార్పు వాటా ఎంతో విడదీసి చూపడం చాలా కష్టం. కేసు మొత్తం మీద ఈ చిక్కు ముడి విడలేదు.

టెయిటియోటా చెప్పింది ఇదే. కట్టిన గోడల్ని పోటు దాటి వస్తోంది. బావులు ఉప్పుబారాయి. పంటలు పోతున్నాయి. నేల తగ్గి జనం పెరిగి, స్థలాల కోసం కొట్లాటలు జరుగుతున్నాయి, అందులో మనుషులు చచ్చారు కూడా. పిల్లల్ని అక్కడికి ఎలా తీసుకెళ్లేది?

ఒడంబడిక అడిగే ప్రశ్న వేరు

తెలుగులో ఈ మనుషులకు మూడు మాటలున్నాయి. శరణు కోరేవాడు శరణార్థి. ఇల్లూ నేలా పోయినవాడు నిర్వాసితుడు. ఎటు పోవాలో తెలియక పరుగెత్తేవాడు కాందిశీకుడు. ‘ఏ దిక్కుకు’ అన్న ప్రశ్నే ఆ మాటలో ఉంది. మామూలు మాటల్లో టెయిటియోటా ఈ మూడింటికీ సరిపోతాడు. 1951 శరణార్థుల ఒడంబడిక మాత్రం ఏం పోయిందని గానీ, ఎటు పోతున్నావని గానీ అడగదు. ఎవరికి భయపడి వచ్చావు, ఎందువల్ల నిన్నే వెంటాడుతున్నారు అని అడుగుతుంది.

నిర్వచనాన్ని విప్పితే ఇలా ఉంటుంది. మనిషి తన దేశం బయట ఉండాలి. తనను పీడిస్తారన్న భయం ఉండాలి, ఆ భయానికి ఆధారం ఉండాలి. ఆ పీడనకు కారణం జాతి, మతం, జాతీయత, ఒక ప్రత్యేక సామాజిక వర్గానికి చెందడం, రాజకీయ అభిప్రాయం, ఈ ఐదింటిలో ఏదో ఒకటి అయ్యుండాలి. తన దేశం రక్షణ ఇవ్వలేనిదో, ఆ రక్షణ తీసుకోవడానికి తాను భయపడేదో అయ్యుండాలి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత యూరప్‌లో మిగిలిపోయిన మనుషుల్ని దృష్టిలో పెట్టుకుని రాసిన వాక్యం అది. 1967 ప్రోటోకాల్ కాలం, ప్రాంతం హద్దుల్ని తీసేసింది గానీ ఈ ఐదు కారణాల జోలికి పోలేదు.

సముద్రం ఎవరి మతమూ అడగదు. తరావాలో పోటు వస్తే మంత్రి ఇంట్లోకీ వస్తుంది, ప్రతిపక్షంవాడి ఇంట్లోకీ వస్తుంది. ట్రిబ్యునల్ 2013 జూన్‌లో ఇచ్చిన తీర్పు సారం ఇదే. హాని నిజం, కానీ అది జనమంతటి మీదా పడుతోంది, ఐదు కారణాల్లో దేనికీ ముడిపడి లేదు. పీడన అంటే ఎక్కడో ఒకచోట మనిషి చెయ్యి ఉండాలి. అది ప్రభుత్వానిదైనా కావచ్చు, ప్రభుత్వం ఆపలేని వేరెవరిదైనా కావచ్చు.

వకీళ్లు ఇక్కడ ఒక తెలివైన వాదన తెచ్చారు. మనిషి చెయ్యి ఉంది కదా, పొగ వదిలిన పారిశ్రామిక దేశాలదే ఆ చెయ్యి అన్నారు. వినడానికి బాగుంటుంది, న్యాయంగానూ అనిపిస్తుంది. ఇప్పటికీ యువ న్యాయవాదులు నా దగ్గరికి దీన్నే పట్టుకొస్తారు. హైకోర్టు 2013 నవంబర్‌లో దీనికి చెప్పిన జవాబు వాళ్లకు చదివి వినిపిస్తాను. శరణార్థి పీడించేవాణ్ణి వదిలి పారిపోతాడు. ఇక్కడేమో పీడిస్తున్నాయని చెప్పే దేశాల్లోనే ఒకదాని తలుపు తడుతున్నాడు. ఒడంబడిక ఊహించిన క్రమం పూర్తిగా తిరగబడింది. పైగా ఆ దేశాలు కిరిబాటి ప్రజల్ని వాళ్ల జాతిని బట్టో మతాన్ని బట్టో ఎంచుకుని పొగ వదలలేదు. ఈ వాదన గెలిస్తే ప్రకృతి వైపరీత్యాల వల్ల, ఆర్థిక లేమి వల్ల కష్టపడే లక్షలాది మందికి ఒడంబడిక వర్తిస్తుందని, దాని పరిధిని మార్చడం తన పని కాదని న్యాయమూర్తి రాశారు.

ఆ జవాబులో చట్టం ఎంత, వరదలా జనం వస్తారన్న భయం ఎంత అన్నది ఎవరికి వాళ్లు తేల్చుకోవచ్చు. నా మట్టుకు చట్టం భాగం గట్టిగానే ఉందనిపిస్తుంది. రెండో భాగం తీర్పులో లేకపోయినా ఫలితం మారేది కాదు.

తర్వాత 2014 మే నెలలో అప్పీలు కోర్టు, 2015 జూలైలో సుప్రీంకోర్టు అప్పీలుకు అనుమతి నిరాకరించాయి. ఇక్కడ వృత్తిలో ఉన్నవాళ్లు గమనించాల్సింది ఒకటుంది. ట్రిబ్యునల్ తర్వాత ఎక్కిన మెట్లన్నీ చట్టపరమైన ప్రశ్నల మీదే, అదీ అనుమతి దొరికితేనే. నీళ్ల గురించి, పంటల గురించి, పిల్లల గురించి కొత్త సాక్ష్యం పెట్టడానికి ఆ తర్వాత చోటు లేదు. 2013లో రికార్డులో ఉన్నదే చివరిదాకా రికార్డు అయింది.

సుప్రీంకోర్టు ఒక చిన్న తలుపు మాత్రం తెరిచి ఉంచింది. వాతావరణ మార్పు వల్ల గానీ మరో ప్రకృతి విపత్తు వల్ల గానీ కలిగే పర్యావరణ నష్టం ఎప్పటికీ శరణార్థి హోదాకు దారి తీయదని తాము అనడం లేదని రాసింది. ఆ దారి ఎలా ఉంటుందో ట్రిబ్యునల్ ముందే చూపింది. విపత్తు తర్వాత ప్రభుత్వం ఒక వర్గానికి సాయం అందకుండా ఆపితే, లేదా సాయం చేసినవాళ్లను శత్రువులుగా చూస్తే, అప్పుడు ఐదు కారణాల్లో ఒకటి వచ్చి చేరుతుంది. 2008లో మయన్మార్‌ను నర్గీస్ తుపాను ముంచెత్తినప్పుడు సైనిక ప్రభుత్వం బాధితులకు సాయం పంచినవాళ్లను కూడా అనుమానించింది. అక్కడి నుంచి వచ్చి శరణు కోరేవాడు తుపానుకు భయపడినవాడు కాదు, తుపాను నెపంతో తనను ప్రతిపక్షంగా ముద్రవేసిన ప్రభుత్వానికి భయపడినవాడు. అందుకే వాతావరణం పేరెత్తిన ఫైలు నా ముందుకొస్తే నేను మొదట వెతికేది అల ఎత్తు కాదు. ఆ ఊళ్లో నీళ్ల ట్యాంకర్ ఏ వీధిదాకా వచ్చి ఆగిపోయింది, ఎందుకు ఆగింది అన్నది వెతుకుతాను. కిరిబాటిలో అలాంటి వివక్ష ఏదీ జరగలేదు, టెయిటియోటా కూడా జరిగిందని చెప్పలేదు.

రెండో తలుపు: బతికే హక్కు

శరణార్థుల ఒడంబడిక మూసిన చోట మానవ హక్కుల చట్టం మరో తలుపు పెడుతుంది. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒప్పందం ఆరో అధికరణ ప్రకారం ఎవరి ప్రాణాన్నీ నిరంకుశంగా తీయకూడదు. ప్రాణానికి అలాంటి ముప్పు ఉన్న చోటికి మనిషిని తిప్పి పంపకూడదన్నది దాంట్లోంచే వస్తుంది. న్యూజిలాండ్ 2009 వలస చట్టంలో దీనికి 131వ సెక్షన్ ఉంది. ఇందులో ఐదు కారణాల గొడవ లేదు. ఎందుకు చనిపోతావన్నది కాదు, చనిపోతావా లేదా అన్నదే ప్రశ్న.

ఈ తలుపు దగ్గరా ట్రిబ్యునల్ కాదంది. కిరిబాటి ప్రభుత్వం చేతులు కట్టుకు కూర్చోలేదు. 2007లోనే వాతావరణ మార్పుకు తట్టుకునే జాతీయ కార్యాచరణ ప్రణాళిక రాసింది. సముద్రాన్ని ఆపే శక్తి ఆ చిన్న దేశానికి లేదు. లేని శక్తిని వాడలేదని తప్పు పట్టలేం. పైగా స్థలం గొడవల్లో టెయిటియోటా ఎప్పుడూ లేడు, నీళ్లు దొరకవని గానీ తిండి పండదని గానీ తన కుటుంబం వరకు చూపలేదు. 2015 సెప్టెంబర్‌లో ఆయనను కిరిబాటి పంపేశారు.

ఆయన జెనీవాలోని మానవ హక్కుల కమిటీకి ఫిర్యాదు పెట్టాడు. ఫిర్యాదు సంఖ్య 2728/2016. కమిటీ 2019 అక్టోబర్‌లో అభిప్రాయం ఖరారు చేసి 2020 జనవరిలో బయటపెట్టింది. వాతావరణ శరణార్థుల్ని ఇక వెనక్కి పంపకూడదని అప్పుడు చాలా పత్రికలు శీర్షికలు పెట్టాయి. నిర్ణయం అది కాదు. న్యూజిలాండ్ తప్పు చేయలేదని కమిటీ తేల్చింది.

అయినా పేజీలు తిప్పితే రెండు పెద్ద విషయాలున్నాయి. మొదటిది, ఫిర్యాదును విచారణకు తీసుకోవడమే. ఇదంతా భవిష్యత్తులో జరగవచ్చన్న ఊహ అనీ, ఈయన బాధితుడే కాదనీ న్యూజిలాండ్ అన్నది. కమిటీ ఒప్పుకోలేదు. అంటే నెమ్మదిగా ముదిరే హాని కూడా విచారించదగ్గదే. రెండోది తొమ్మిదో భాగంలోని పదకొండో పేరా. దేశీయంగా, అంతర్జాతీయంగా గట్టి ప్రయత్నాలు జరగకపోతే వాతావరణ మార్పు ప్రభావాలు మనుషుల్ని ఆరో అధికరణ, క్రూరంగా చూడటాన్ని నిషేధించే ఏడో అధికరణ ఉల్లంఘనకు గురిచేయవచ్చు, అప్పుడు తిప్పి పంపకూడదన్న బాధ్యత అమల్లోకి వస్తుందని అక్కడ ఉంది. దేశం పూర్తిగా మునిగేదాకా ఆగనక్కర్లేదని, అంతకు ముందే అక్కడి జీవనస్థితి గౌరవంగా బతికే హక్కుకు సరిపడకుండా పోవచ్చని కూడా ఉంది.

మరి ఈ నియమం పెట్టి కూడా టెయిటియోటాను ఎందుకు ఓడించారు? కమిటీ ఆయన కష్టాన్ని నాలుగు ముక్కలు చేసి చూసింది. స్థలాల కొట్లాటలు నిజమే, ఆయనకు వ్యక్తిగతంగా ముప్పు ఉందని లేదు. మంచినీళ్లు కష్టమే, అయితే జనాభాలో 60 శాతం మందికి ప్రభుత్వ నీటి సంస్థ రేషన్‌గా నీళ్లు ఇస్తోంది. ఆ నీళ్లు అందవనో, చాలవనో, తాగితే జబ్బు చేస్తాయనో చూపే సమాచారం సరిపోలేదు. పంటలు కష్టమే, అసాధ్యం అని లేదు, వేరే పని గానీ ఆర్థిక సాయం గానీ దొరకదని చూపలేదు. ఇక నేల మునగడం. దానికి 10 నుంచి 15 ఏళ్లు పడుతుందని ఫిర్యాదులోనే ఉంది. ఆ వ్యవధిలో కిరిబాటి, అంతర్జాతీయ సమాజం ఏదైనా చేయవచ్చు అన్నది కమిటీ.

నాలుగో జవాబు దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. తన వకీలు పెట్టిన అంకే తన మెడకు చుట్టుకుంది. పదేళ్లు అని రాయడం నిజాయితీ. అదే వాక్యం ‘ఇంకా టైముంది కదా’ అని చదువుకునే వీలూ ఇచ్చింది.

ఇంకోటి కూడా గుర్తుంచుకోవాలి. కమిటీ కేసును మొదటి నుంచి విచారించే కోర్టు కాదు. దేశీయ న్యాయస్థానం సాక్ష్యాన్ని తూచిన తీరు స్పష్టంగా నిరంకుశంగానో, కొట్టొచ్చినట్టు కనిపించేంత తప్పుగానో ఉంటేనే జోక్యం చేసుకుంటుంది. 2013లో ట్రిబ్యునల్ ముందు పెట్టని నీటి పరీక్ష 2019లో జెనీవాలో పుట్టుకు రాదు.

ఇద్దరు కాదన్నారు

కమిటీలో ఇద్దరు సభ్యులు వేరుగా రాశారు. వాసిల్కా సాన్సిన్ నీళ్ల ప్రశ్ననే పట్టుకున్నారు. సరఫరా అవుతున్న నీరు, తాగితే హాని చేయని నీరు ఒకటే కాదు కదా అన్నారు. పిల్లలతో సహా ఆ కుటుంబానికి సురక్షితమైన నీరు దొరుకుతుందని చూపాల్సింది పంపేస్తున్న దేశమని ఆమె వాదన. రుజువు భారాన్ని ఇటు నుంచి అటు తిప్పారన్నమాట. నా దృష్టిలో ఈ కేసు మొత్తంలో ఎక్కువ రోజులు పనికొచ్చే పేరా ఇదే. ఒక దీవిలో నీటి నాణ్యత నివేదికలు తెప్పించే శక్తి ప్రభుత్వానికి ఉంటుంది, వీసా గడువు తీరిన కూలీకి ఉండదు.

డంకన్ లాకి ముహుముజా భాష వేడిగా ఉంటుంది. తిరిగి వెళ్లాక ఆ పిల్లల్లో ఒకరికి రక్తం విషమై ఒళ్లంతా పుండ్లు లేచాయని ఆయన గుర్తుచేశారు. చావులు తరచుగా జరిగితేనే ముప్పు అనడం ఆరో అధికరణ ఉద్దేశానికే విరుద్ధమన్నారు. మునిగిపోతున్న మనిషిని మునిగిపోతున్న ఓడలోకే మళ్లీ తోసి, అందులో వేరే ప్రయాణికులు కూడా ఉన్నారుగా అని సమర్థించుకున్నట్టుంది న్యూజిలాండ్ పని అని రాశారు.

ఆ ఓడ పోలికలో ఒక అసలు చిక్కు ఉంది. అందరికీ ఉన్న ముప్పు నీకొక్కడికే ఉన్నట్టు చూపు అనడం శరణు చట్టంలో పాత అలవాటు. బాంబులు పడే ఊరి విషయంలో ఆ అలవాటు కొంత సడలింది. పౌరులందరికీ ముప్పు తీవ్రంగా ఉంటే ఆ ఊరివాడైతే చాలు అనే స్థితి వచ్చింది. నీళ్లు ఉప్పుబారే ఊరికి ఆ సడలింపు ఇంకా రాలేదు.

పక్క ఫైలు: టువాలు కుటుంబం

2014 జూన్‌లో అదే ట్రిబ్యునల్ టువాలు నుంచి వచ్చిన ఒక కుటుంబాన్ని న్యూజిలాండ్‌లో ఉండనిచ్చింది. ప్రపంచంలో మొదటి వాతావరణ శరణార్థులు అని వార్తలొచ్చాయి. ఆ ఫైలు చదివితే అది శరణార్థి హోదా కాదని తెలుస్తుంది. శరణార్థులుగా వాళ్ల దరఖాస్తును కూడా తిరస్కరించారు. ఉండనిచ్చింది మానవతా కారణాలతో పెట్టిన వేరే అప్పీలులో. అక్కడ చూసేది మొత్తం పరిస్థితి. ఆ కుటుంబానికి న్యూజిలాండ్‌లో మూడు తరాల బంధువులున్నారు, పిల్లలు అక్కడే పెరుగుతున్నారు. వాతావరణ మార్పు ప్రస్తావన ఉంది గానీ తీర్పు నిలబడింది కుటుంబ బంధాల మీద.

ఒకే ట్రిబ్యునల్, ఒకే సముద్రం, పక్కపక్క దేశాలు. ఒకరిది హక్కు కోసం వాదన, మరొకరిది విచక్షణ కోసం విన్నపం. విచక్షణ గెలిచింది. ఫలితం ఆ కుటుంబానికి మంచిదే, నాకూ క్లయింట్ ఉంటే ఆ దారినే ముందు చూస్తాను. కానీ అలాంటి గెలుపు తర్వాతివాడికి ఆధారం కాదు. మేనమామలు, అత్తలు ఆక్లండ్‌లో లేనివాడు దాన్ని చూపి ఏమీ అడగలేడు.

ఇప్పుడు ఫైలు ఎలా కడతాం

అలాంటి ఫైలు నా దగ్గరికొస్తే మొదటి రోజు పాత రకం సంచి తెరుస్తారు. పోటు వచ్చిన రోజు ఫొటోలు, సముద్రమట్టం గ్రాఫులు, దేశాధ్యక్షుడి ప్రసంగాలు. అవన్నీ నిజమే, కానీ ఎవరూ కాదనని విషయాన్నే రుజువు చేస్తాయి. టెయిటియోటా ఫైలు నిండుగా ఉన్నదీ అక్కడే, ఖాళీగా ఉన్నదీ దాని పక్కనే.

ఆ ఖాళీ నింపాలంటే ఇంటి గుమ్మం నుంచి మొదలుపెట్టాలి. ఇంటికి దగ్గరి బావి ఏది, అది ఎవరిది, ఏ సంవత్సరంలో తాగడం మానేశారు? రేషన్ నీళ్లు ఎన్ని రోజులకు ఒకసారి వస్తాయి, ఎన్ని గంటలు, ఇంట్లో ఎంతమంది? ఆ నీళ్ల పరీక్ష ఫలితం ఎక్కడైనా ఉందా? పిల్లలకు విరేచనాలు, చర్మ రోగాలు వచ్చిన ఆస్పత్రి చీటీలు ఉన్నాయా? నేల పట్టా ఎవరి పేర ఉంది? భార్య తరఫువాళ్ల ఇంట్లో ఉన్నవాడిని వాళ్లు పొమ్మంటే అతనికి వేరే చోటు ఉందా? పని కోసం ఎక్కడెక్కడ తిరిగాడు, ఎవరు లేదన్నారు? ఈ ప్రశ్నల్లో వాతావరణం అనే మాటే లేదు. కమిటీ వేసిన నాలుగు ముక్కల ప్రశ్నకు ముక్కముక్కకూ జవాబు మాత్రం ఉంది.

తర్వాత నిపుణుడి నివేదిక. దీవి ఎప్పుడు మునుగుతుంది అని అడిగితే నిపుణుడు ఒక శ్రేణి ఇస్తాడు, ఆ శ్రేణే మనల్ని ముంచుతుంది. దానికి బదులు ఈ ఇంటి కింది నీటి పొర ఎప్పటి నుంచి తాగడానికి పనికిరాకుండా పోయింది, మళ్లీ కోలుకుంటుందా అని అడగాలి. మునగడం భవిష్యత్తు, ఉప్పుబారడం ఇప్పుడే జరుగుతున్నది. పిల్లల్ని వేరుగా వాదించడమూ అవసరమే. పెద్దవాడు తట్టుకునే నీళ్లు ఏడాది బిడ్డ తట్టుకోలేదు. టెయిటియోటా కేసు ప్రధానంగా తండ్రి కేసుగానే నడిచింది.

ఏ దేశంలో దరఖాస్తు పెడుతున్నామన్నది కూడా ముఖ్యమే. ఆఫ్రికా దేశాల 1969 ఒడంబడికలో, లాటిన్ అమెరికాలో 1984 కార్టహేనా ప్రకటనలో శరణార్థి నిర్వచనం వెడల్పుగా ఉంది. ప్రజా శాంతిభద్రతలను తీవ్రంగా దెబ్బతీసే పరిస్థితులను కూడా అవి లెక్కలోకి తీసుకుంటాయి. కరవు, కొట్లాట కలిసి వచ్చిన చోట అది పనికొస్తుంది. పసిఫిక్‌లో అలాంటి ప్రాంతీయ నిర్వచనం లేదు. ఇటలీ సర్వోన్నత న్యాయస్థానం 2021లో నైజీరియాలోని నైజర్ డెల్టా నుంచి వచ్చిన ఒకరి కేసులో టెయిటియోటా నిర్ణయాన్ని ఉదహరించింది. మానవతా రక్షణ తేల్చేటప్పుడు పర్యావరణ నాశనాన్ని కూడా చూడాల్సిందేనని కింది కోర్టుకు చెప్పింది. జెనీవాలో ఓడిపోయిన కేసు రోమ్‌లో పనికొచ్చింది.

దేశాలు ఒప్పందాలతో తెరుస్తున్న దారి వేరొకటి ఉంది. ఆస్ట్రేలియా, టువాలు 2023 నవంబర్‌లో ఫలెపిలి ఒప్పందం చేసుకున్నాయి, 2024 ఆగస్టులో అది అమల్లోకి వచ్చింది. దాని కింద ఏడాదికి 280 మంది టువాలు పౌరులు లాటరీ ద్వారా ఆస్ట్రేలియాలో శాశ్వత నివాసం పొందవచ్చు. ఇందులో భయం చూపనక్కర్లేదు, పీడన నిరూపించనక్కర్లేదు. నాకు ఇది నచ్చే పద్ధతే. పసిఫిక్ ప్రజల్లో చాలామంది శరణార్థి అన్న మాటనే ఒప్పుకోరు, చేయి చాచినట్టుంటుందని. కిరిబాటి అధ్యక్షుడిగా ఉన్నప్పుడు అనోటే టోంగ్ ‘గౌరవంతో వలస’ అని మాట్లాడిందీ అందుకే. అయితే లాటరీలో పేరు రానివాడికి ఆ ఒప్పందం ఏమీ ఇవ్వదు. వాడు వేరే వీసాతో వచ్చి గడువు దాటితే మళ్లీ టెయిటియోటా నిలబడిన చోటే నిలబడతాడు.

2025 జూలై 23న అంతర్జాతీయ న్యాయస్థానం వాతావరణ మార్పుపై ఇచ్చిన సలహా అభిప్రాయంలో ఈ విషయానికీ ఒక పేరా దక్కింది. తిప్పి పంపితే ఆరో అధికరణకు విరుద్ధంగా ప్రాణానికి కోలుకోలేని హాని జరిగే నిజమైన ముప్పు ఉందని నమ్మడానికి గట్టి కారణాలుంటే, పంపకూడదన్న బాధ్యత దేశాలకు ఉందని చెప్పింది. కమిటీ చెప్పినదాన్నే పెద్ద కోర్టు తన నోట చెప్పినట్టయింది. ఇకనుంచి అది కమిటీ అభిప్రాయం మాత్రమే అని ప్రభుత్వ న్యాయవాది తోసిపుచ్చలేడు. అయితే ‘నిజమైన ముప్పు’ కొలత అలాగే ఉంది. రుజువు ఎవరు చేయాలన్న సాన్సిన్ ప్రశ్నను ఆ పేరా తాకలేదు. ఐదు కారణాలు 1951లో ఉన్నట్టే ఉన్నాయి.

కమిటీ చెప్పిన 10 నుంచి 15 ఏళ్లను ఎప్పటి నుంచి లెక్కపెట్టాలన్నది రాబోయే ఫైలులో తప్పకుండా వచ్చే ప్రశ్న. 2013 రికార్డు నుంచి లెక్కిస్తే గడువు 2023లో మొదలై 2028లో ముగుస్తుంది. కమిటీ అభిప్రాయం నుంచి లెక్కిస్తే 2034 దాకా సాగుతుంది. ఆ వ్యవధిలో కిరిబాటి, మిగతా ప్రపంచం ఏదైనా చేయవచ్చు అన్న ఆశ మీదే ఆ ఓటమి నిలబడింది. కాబట్టి ఇప్పుడు తరావా నుంచి వచ్చే ఫైలులో నేను మొదటి అనుబంధంగా పెట్టేది 2013 తర్వాత ఆ ఊళ్లో ఏ గోడ కట్టారు, ఏ పైపు వేశారు, ఆ పైపులో ఎన్ని గంటలు నీళ్లొస్తున్నాయి అన్న పట్టిక.